పూర్తి కేస్ షీటు నకలు, అందులో తప్పుకు దిద్దుబాటు: రికార్డుల విభాగానికి లేఖ రాద్దాం

నమస్కారం. ఈ వీడియోలో ఒక లేఖను మీ ఎదుటే టైపు చేసి చూపిస్తాను. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జ్ అయిన మనిషి కేస్ షీటు మొత్తానికి నకలు ఇమ్మని, అందులో దొర్లిన ఒక తప్పును సరిదిద్దమని, మెడికల్ రికార్డ్స్ విభాగాన్ని కోరే లేఖ ఇది. ఇది మా నాన్నగారి కోసం నేను రాసిన లేఖే. పేర్లు, నంబర్లు మాత్రం తీసేశాను.

ముందుగా సంగతి చెబుతాను. నాన్నగారికి షుగరు ఉన్నట్టు తెలిసి అప్పటికి పది నెలలే అయింది. అడ్మిషన్ రోజున డ్యూటీ డాక్టరు అడిగితే మేము అదే చెప్పాము. అయితే డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం ఇలా వచ్చింది, స్క్రీన్ మీద చూడండి:

```
K/C/O T2DM x 10 yrs
```

అంటే పదేళ్ళుగా టైప్ 2 షుగరు ఉన్న రోగి అని. నెలలు కాస్తా సంవత్సరాలయ్యాయి. ఆ ఒక్క మాట వల్ల, పాలసీ తీసుకోక ముందు నుంచే జబ్బు ఉన్నదని, దానిని దాచిపెట్టామని బీమా కంపెనీ క్లెయిమును ఆపివేసింది.

ఇక లేఖలోకి వెళదాం. పై భాగం మీకు తెలిసినదే కాబట్టి త్వరగా ముగిస్తాను. తేదీ, ఆ కింద మెడికల్ సూపరింటెండెంటు గారికి అని, వారి ద్వారా మెడికల్ రికార్డ్స్ విభాగానికి అని రాయండి. రికార్డుల విభాగంలో ఉన్నవారు కాగితాలను భద్రపరుస్తారే తప్ప వైద్యులు రాసినదానిని మార్చలేరు, కాబట్టి సూపరింటెండెంటు పేరు మీద లేఖ వెళ్ళడం అవసరం. ఆ కింద రోగి పేరు, UHID నంబరు, IP నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ రాయాలి. ఈ రెండు నంబర్లూ డిశ్చార్జ్ సమ్మరీ పైభాగంలోనే ఉంటాయి. IP నంబరు మరచిపోకండి. ఒకే మనిషి రెండు సార్లు చేరి ఉంటే UHID ఒకటే ఉంటుంది, కేస్ షీటును విడిగా చూపించేది IP నంబరే.

రోగి సంతకం చేయగలిగితే లేఖ రోగి పేరుతోనే వెళ్ళాలి. మీరు రాస్తున్నట్లయితే రోగి సంతకంతో అధికార పత్రాన్ని, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్ళను జతచేయండి.

ఇప్పుడు నేను తప్పటడుగు వేసిన చోటుకు వచ్చాము, ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను. నా మొదటి లేఖలో, స్క్రీన్ మీద ఎడమవైపు ఉన్నదే, ఇలా రాశాను: "తప్పును సరిదిద్ది, కేస్ షీటు పూర్తి నకలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." చదవడానికి బాగానే ఉంది కదా. కానీ రెండు కోరికలనూ ఒకే వాక్యంలో ముడివేశాను. డాక్టరు గారు సెలవులో ఉన్నారు, వారు వచ్చి దిద్దిన తరువాతే నకలు ఇస్తామని కౌంటరులో చెప్పారు. అలా మూడు వారాలు గడిచాయి. పైగా దిద్దక ముందు కాగితం ఎలా ఉండేదో చూపించే నకలు ఏదీ నా దగ్గర లేకుండా పోయింది.

కాబట్టి రెండు కోరికలను రెండు పేరాలుగా విడదీయండి. కుడివైపు చూడండి, మొదటి పేరా ఇలా ఉంది: "పై అడ్మిషనుకు సంబంధించిన కేస్ షీటును, ఈ రోజు ఏ స్థితిలో ఉన్నదో అదే స్థితిలో, ధ్రువీకరించిన నకలుగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వైద్యుల వృత్తి ప్రవర్తనా నిబంధనలు, 2002లోని 1.3.2 ప్రకారం రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వవలసి ఉన్నది. ఈ నకలును దిద్దుబాటు పూర్తయ్యే వరకు ఆపవద్దని మనవి." ఇందులో "అదే స్థితిలో" అన్న మాటను, చివరి వాక్యాన్ని తీసివేయకండి. నకలు రుసుము చెల్లిస్తానని కూడా ఒక ముక్క రాయండి.

అదే పేరాలో, "పూర్తి" అంటే ఏమిటో మీరే చెప్పాలి. ఊరికే పూర్తి నకలు అని అడిగితే డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు చేతిలో పెడతారు. అడ్మిషన్ రోజున రాసిన హిస్టరీ షీటు, డాక్టర్ల రోజువారీ నోట్సు, నర్సుల నోట్సు, మందుల చార్టు, సమ్మతి పత్రాలు, ఆపరేషన్ జరిగి ఉంటే ఆపరేషన్ నోట్సు, మత్తుమందు రికార్డు, వీటిని పేరు పేరునా రాయండి. మాకు అసలు ఆధారం దొరికింది హిస్టరీ షీటులోనే. అక్కడ డ్యూటీ డాక్టరు చేతిరాతలో 10/12 అని ఉన్నది. వైద్యులు పది నెలలను అలా, సంవత్సరంలో పన్నెండు భాగాలకు పది అన్నట్టు రాస్తారు. దానిని సమ్మరీలోకి ఎక్కించినప్పుడు పది మాత్రం మిగిలి, పక్కన సంవత్సరాలు చేరింది.

రెండవ పేరా దిద్దుబాటుది. తప్పు ఏ కాగితంలో, ఏ వరుసలో ఉన్నదో, అక్కడ ఏమి రాసి ఉన్నదో, ఏమి ఉండాలో, దానికి ఆధారం ఏమిటో ఈ వరుసలోనే రాయండి. మేము రెండు ఆధారాలు జతచేశాము: ఒకటి షుగరు మొదటిసారి బయటపడిన నాటి రక్తపరీక్ష రిపోర్టు, రెండవది ఆ వారంలో రాసిన మొదటి ప్రిస్క్రిప్షను. "ఆ వాక్యాన్ని తొలగించండి" అని మాత్రం రాయకండి. రాసినదానిని చెరిపివేయడం రికార్డును తారుమారు చేయడం అవుతుంది, ఏ డాక్టరూ దానికి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. "పాత వాక్యం చదవడానికి వీలుగా ఉంచి, సవరణను తేదీ, సంతకంతో అనుబంధంగా చేర్చి, సవరించిన సమ్మరీని కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను" అని రాయండి. అలాగే, ఈ దారి లెక్కల్లోనో, పేర్లలోనో, కుడి ఎడమల్లోనో దొర్లిన తప్పులకే పనికివస్తుంది. డాక్టరు చేసిన నిర్ధారణతో మీరు ఏకీభవించకపోతే, దానిని దిద్దమని అడగడం వేరే సంగతి. మీ అభ్యంతరాన్ని కేస్ షీటుకు జతపరచమని మాత్రం అడగవచ్చు.

టైపు చేయడానికి నేను గూగుల్ డాక్స్ వాడతాను. Ctrl+Shift+S నొక్కి, భాషను తెలుగుగా ఎంచుకుంటే మాట్లాడుతూనే టైపు అవుతుంది. అయితే నంబర్లను మాత్రం చేత్తోనే కొట్టండి, పలికితే ఒకటి అరా తప్పుతాయి. జతచేసే కాగితాలను ఫోనుతో స్కాన్ చేసి ఒకే PDFగా పెట్టుకుంటే మెయిలుకు కూడా పనికివస్తుంది.

రెండు ప్రతులు తీయండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. 72 గంటలు లెక్కపెట్టాలంటే సమయం కావాలి కదా. ముద్ర వేయము అంటే ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

నకలు చేతికి వచ్చిన తరువాత కౌంటరు దగ్గరే తిరగవేయండి. మా నాన్నగారు ఆరు రోజులు ఉన్నారు, మూడవ రోజు డాక్టరు నోట్సు లేవు. మందుల చార్టులో ఆ రోజు ఇంజెక్షన్లు ఉన్నాయి, కాబట్టి కాగితం తప్పిపోయిందని అప్పటికప్పుడే చూపించగలిగాను. వెనుక ఫైలులో దొరికింది. పేజీలకు వరుస నంబర్లు వేయించి, చివరి పేజీ మీద మొత్తం సంఖ్య రాయించుకున్నాను.

సవరణ అనుబంధం, నకలు చేతికి వచ్చిన తరువాత పదకొండవ రోజున వచ్చింది. దానిని విడిగా పంపకండి. దిద్దక ముందటి నకలు, అనుబంధం, సవరించిన సమ్మరీ, ఈ మూడింటినీ కలిపి బీమా కంపెనీకి పంపండి. ఒక్క కొత్త సమ్మరీనే పంపితే, క్లెయిము కోసం మార్పించుకున్నారని వారు అడుగుతారు. మొదటి రోజు హిస్టరీ షీటులోనే 10/12 ఉన్నదని చూపించినప్పుడు ఆ ప్రశ్న రాలేదు.