సారె మీంచి దిగింది ఇంకా కుండ కాదు

ఇప్పుడు చూశారు కదా. కుమ్మరి సారె తిరిగింది, మట్టిముద్ద పైకి లేచింది, మూతి విచ్చుకుంది, దారంతో కోసి దింపేశాం. ఇక్కడిదాకా చూసి అందరూ "కుండ ఎంత తొందరగా అయిపోయిందో!" అంటారు. అవ్వలేదండీ. సగం కూడా అవ్వలేదు.

(కెమెరా అడుగు వైపు)

దీని అడుగు చూడండి. బల్లపరుపుగా ఉంది, బొటనవేలంత మందం ఉంది. మీ ఇంట్లో మంచినీళ్ల కుండ అడుగు ఇలాగే ఉంటుందా? సారె పలక సమంగా ఉంటుంది కాబట్టి దాని మీద కూర్చున్న మట్టికి అడుగూ సమంగానే వస్తుంది. గుండ్రటి అడుగు కావాలంటే కొట్టి తేవాల్సిందే. సారె దగ్గర ఫొటో దిగి వెళ్లిపోదామని వచ్చేవాళ్లను చూస్తే నాకు చిరాకు అందుకే.

పూతరేకుల కుండనే తీసుకోండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు, ఇది ఈ ఊరి ప్రత్యేకత అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. అందరూ రేకు గురించి, బెల్లం గురించి మాట్లాడారు గానీ కుండ ఊసెత్తినవాళ్లు నాకైతే కనబడలేదు. కుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఆ గుండ్రటి అడుగు మీద ఒక్క లాగు లాగుతారు. పొర ఆరి లేచి వచ్చేస్తుంది. ఆ అడుగు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే ఏమవుతుంది? మందంగా ఉన్నచోట వేడి చాలక పొర తడిగానే అంటుకుపోతుంది, పల్చటిచోట మాడుతుంది. రేకు ముక్కలై వస్తుంది.

మరి అంత సమంగా ఎలా తెస్తాం? సుమారు పది లీటర్ల కుండకి మూడున్నర కిలోల మట్టి తీసుకుంటాం. మన డెల్టా మట్టికి బంక ఎక్కువ. వేసవిలో చేలు నెర్రెలిచ్చేది ఇలాంటి మట్టికే. అందుకే సన్న ఇసుక కలిపి బాగా తొక్కుతాం. సారె మీద కావాలనే గోడ మందంగా ఉంచుతాం. మూతి మాత్రం అక్కడే పూర్తి చేసెయ్యాలి, మళ్లీ దాని జోలికి వెళ్లం.

దింపాక నీడలో ఆరనిస్తాం. ఎంతసేపన్నది గడియారం చెప్పదు, గాలిలో తేమను బట్టి ఉంటుంది. వేలితో నొక్కితే చిన్న గుంట పడాలి గానీ మట్టి వేలికి అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా తొందర, దెబ్బకి జారిపోతుంది. గుంటే పడకపోతే ఆలస్యం అయిపోయినట్టు, దెబ్బకి బీటలిస్తుంది. మూతి ముందే ఆరిపోకుండా దానికి తడిగుడ్డ చుడతాం.

ఇప్పుడు ఎడమచేత్తో లోపల నున్నటి గుండ్రాయి, కుడిచేత్తో బయట చెక్క. రాయికి బూడిద అద్దాలి, లేదంటే మట్టి పట్టేస్తుంది. చెక్క పడినచోటే లోపల రాయి ఉండాలి, సూత్రం అంతే. రాయి అటూ ఇటూ జరిగితే గోడ లోపలికి కుంగుతుంది. మెల్లగా కొడుతూ, కుండను తిప్పుకుంటూ భుజం నుంచి కిందికి వస్తాం. మందంగా ఉన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది, పల్చబడేకొద్దీ తేలికవుతుంది. చెవి పెట్టండి, వీడియోలో కూడా తెలుస్తుంది.

(కొట్టే చప్పుడు, మాటలు లేకుండా కాసేపు)

ఒక్క విడతలో అవ్వదు. కొట్టి, కాస్త ఆరనిచ్చి, మళ్లీ కొడతాం. బొటనవేలంత మందం ఉన్న అడుగు చివరికి అర సెంటీమీటరు చిల్లరకి దిగుతుంది, ఆ మట్టే సాగి గుండ్రంగా తిరుగుతుంది. మూలలు లేవు కాబట్టి వేడికి పుట్టే ఒత్తిడి ఒకచోట పోగవ్వదు. పూతరేకుల కుండ రోజంతా మంట మీద ఉన్నా తట్టుకునేది అందుకే.

టైమ్ అయిపోతోంది, కుండలు కాల్చే ఆవం సంగతి గబగబా చెప్పేస్తా. వారం పైనే నీడలో ఆరాలి. లోపల తడి మిగిలితే మంటలో ఆవిరై పెచ్చు ఊడగొడుతుంది. పిడకలు, వరిగడ్డి పేర్చి మొదట సన్నసెగ, తర్వాత పెద్దమంట. చల్లారాక వేలితో కొడితే కంగుమనాలి. డొప్పుమంటే బీట ఉన్నట్టే, కంటికి కనబడకపోయినా సరే.

ఇక బుకింగ్ సంగతి. వర్క్‌షాప్ శనివారం, ఆదివారం, రెండు పొద్దులూ రావాలి. శనివారం సారె, ఆదివారం చెక్క, రాయి. ఒక్క సారె రోజుకే బుక్ చేస్తామంటే కుదరదండీ. కొత్తవాళ్ల చేతిలో మూడున్నర కిలోల ముద్ద నిలవదు కాబట్టి కిలో ముద్ద ఇస్తాం, దాంతో ముంత వస్తుంది. పెద్ద కుండ మేం దింపి ఉంచుతాం, దాన్ని అందరూ వంతులవారీగా కొట్టి చూడొచ్చు. మీ ముంత కాలాక కబురు చేస్తాం, వచ్చి తీసుకెళ్లాలి. పార్సిల్ పంపం, దారిలో పగిలితే మీకూ మాకూ బాధే. వానాకాలంలో ఆవం పెట్టం కాబట్టి అప్పుడు బుకింగులు ఉండవు.

ఫారం వీడియో కింద ఉంది. పదేళ్లు దాటిన పిల్లల్ని తీసుకురావొచ్చు. వచ్చేముందు గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి.