పన్నెండు బడులు, పన్నెండు వందల పిల్లలు

వేదిక మీది పెద్దలకు, విభాగాధిపతి గారికి, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నా పరిచయానికే చాలా సమయం పోయింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ రిగ్రెషన్. నిజానికి నేను ఒక ఫిర్యాదు పట్టుకుని వచ్చాను.

ఈ మధ్య ఒక థీసిస్ మూల్యాంకనానికి వచ్చింది. ఎవరిదో, ఎక్కడిదో అడగొద్దు. పన్నెండు స్కూళ్ళు. ఆరింటిలో డిజిటల్ క్లాసులున్నాయి, ఆరింటిలో లేవు. స్కూలుకు వంద మంది చొప్పున 1200 మంది లెక్కల మార్కులు తీసుకుని మామూలు రిగ్రెషన్ వేశారు. t విలువ 4 వచ్చింది, ఫలితం చాలా గట్టిదని పక్కన మూడు నక్షత్రపు చుక్కలు పెట్టారు. శాంపిల్ చాలా పెద్దదని ఒక పేరా కూడా రాశారు. 1200 ఎక్కడున్నాయండీ? డిజిటల్ క్లాసు అనేది స్కూలుకూ స్కూలుకూ మారింది గానీ పిల్లాడికీ పిల్లాడికీ మారలేదు. ఒకే కుండలోంచి వంద మెతుకులు పట్టి చూసి, వంద కుండలు చూశానంటే ఒప్పుకుంటామా?

మామూలు స్టాండర్డ్ ఎర్రర్ సూత్రం ప్రతి పిల్లాడూ కొత్త సమాచారం తెస్తాడని నమ్ముతుంది. కానీ ఒకే స్కూలు పిల్లలకు ఒకే మాస్టారు, ఒకే పేట, ఒకే టైమ్‌టేబుల్. ఒకడి మార్కు తెలిస్తే పక్కవాడిది కొంత ఊహించవచ్చు. అందుకే రెండోవాడు తెచ్చే కొత్త సమాచారం తక్కువ. సూత్రానికి ఆ సంగతి తెలియదు.

ఎంత తక్కువో అందరికీ దొరికే డేటాతో చూద్దాం. అమెరికాలో హై స్కూల్ అండ్ బియాండ్ అనే సర్వే నుంచి తీసిన భాగం ఇది: 160 స్కూళ్ళు, 7185 మంది విద్యార్థులు, లెక్కల స్కోరు. R లో ఇలా:

```
library(nlme)
lme(MathAch ~ 1, random = ~ 1 | School,
    data = MathAchieve)
```

మిక్స్‌డ్ మోడల్లో అతి చిన్నది ఇదే. ఇందులో ఉన్నదల్లా సగటు, దానికి తోడు ప్రతి స్కూలుకూ ఒక ఎగుడుదిగుడు. సగటు 12.64 వస్తుంది. స్కూళ్ళ మధ్య వేరియన్స్ 8.61, స్కూలు లోపల 39.15. మొత్తంలో స్కూళ్ళ వాటా 0.18.

వెనక బెంచీ వాళ్ళూ, ఫోన్లలో ఎలాగూ ఉన్నారు, క్యాలిక్యులేటర్ తెరవండి. స్కోరు ప్రామాణిక విచలనం దాదాపు 6.88. దాన్ని 7185 వర్గమూలంతో భాగిస్తే 0.08. మామూలు లెక్క చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ అది. ఇప్పుడు స్కూళ్ళను గుర్తు పెట్టుకుని చేయండి. 8.61ని 160తో భాగిస్తే 0.0538. 39.15ని 7185తో భాగిస్తే 0.0054. రెండూ కూడి వర్గమూలం తీస్తే 0.24. మూడు రెట్లు!

ఆ రెండు ముక్కల్నీ ఇంకోసారి చూడండి. పిల్లల సంఖ్య పెంచితే తగ్గేది రెండో ముక్క ఒక్కటే, అది ఇప్పటికే చిన్నది. అవే స్కూళ్ళలో లక్ష మందికి పరీక్ష పెట్టినా 0.23 కిందికి రాదు. దిగాలంటే స్కూళ్ళు పెంచాలి. ఫీల్డ్‌వర్క్ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో ఇక్కడే తెలుస్తుంది, కానీ మనవాళ్ళు ఆటో ఖర్చు మిగులుతుందని దగ్గరి స్కూల్లోనే ఇంకో సెక్షన్ చేరుస్తారు.

మళ్ళీ ఆ థీసిస్‌కే వస్తాను, మనసు అక్కడే ఉంది. వేరియన్స్ ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే సూత్రం ఇది: `1 + (m − 1)ρ`. m స్కూలుకు పిల్లలు, ρ స్కూళ్ళ వాటా. 0.18 వేస్తే 18.8, వర్గమూలం 4.3. t విలువ 4 కాస్తా 0.9 అవుతుంది. అమెరికా సంఖ్య మనకెందుకు అంటారా, సరే, 0.05 వేయండి. t 1.6 దగ్గర ఆగుతుంది. పన్నెండు స్కూళ్ళకు మిగిలే స్వేచ్ఛాంకాలు పది. ఐదు శాతం గీత దాటాలంటే 2.23 కావాలి. మూడు చుక్కల్లో ఒక్కటీ మిగలలేదు. డిజిటల్ క్లాసులు పనిచేయవని నేననడం లేదు, ఈ డేటాతో తేల్చలేమంటున్నాను.

అన్నీ ఇలాగే ఉబ్బుతాయని భయపడకండి. అమ్మాయిలకూ అబ్బాయిలకూ మధ్య తేడాను ఒకే స్కూలు లోపల కొలుస్తాం కాబట్టి, స్కూలు ఎగుడుదిగుడు ఇద్దరికీ సమానంగా పడి కొట్టుకుపోతుంది. అక్కడ మామూలు స్టాండర్డ్ ఎర్రర్ అవసరానికి మించి పెద్దగా ఉండటం కూడా జరుగుతుంది. కాకపోతే ఆ తేడాయే స్కూలుకొకలా ఉంటే మళ్ళీ చిక్కు. అప్పుడు వాలును కూడా స్కూలువారీగా మారనివ్వాలి. స్కూళ్ళు పది పన్నెండే అయితే మిక్స్‌డ్ మోడల్ కూడా కొంచెం ఆశగానే చెబుతుంది, కెన్‌వర్డ్-రోజర్ దిద్దుబాటు వాడండి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో మీ ఫైళ్ళతోనే చేద్దాం. పిల్లల మార్కులన్నీ ఉండి స్కూల్ కోడ్ కాలమ్ లేనివాళ్ళు, భోజనానికి వెళ్ళేముందే ఆ డేటా ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేయండి.