ఒకే వీడియో మూడు చోట్ల పెడితే రీచ్ పడిపోతుందా?

[తెరపై: గోంగూర పచ్చడి వీడియో, నిలువుగా, 75 సెకన్లు]

ఇది 75 సెకన్ల గోంగూర పచ్చడి వీడియో. ఇన్‌స్టాలో రీల్‌గా, యూట్యూబ్‌లో షార్ట్‌గా వెయ్యాలి, ఫేస్‌బుక్‌లోనూ పెట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే, ముందు ఇన్‌స్టాలో పెట్టేస్తారు. తర్వాత అక్కణ్ణుంచే డౌన్‌లోడ్ చేసి మిగతా చోట్ల ఎక్కిస్తారు. రీచ్ రాకపోతే "ఒకటే వీడియో రెండు చోట్ల పెట్టాను కదా, అల్గారిదమ్ తొక్కేసింది" అనుకుంటారు. తప్పు వీడియో రెండు చోట్ల పెట్టడంలో లేదు, ఆ డౌన్‌లోడ్‌లో ఉంది.

[తెరపై: డౌన్‌లోడ్ చేసిన వీడియో మూల జూమ్ అవుతుంది, యాప్ లోగో, యూజర్‌నేమ్ కనిపిస్తాయి]

ఈ మూల చూడండి. యాప్ లోగో, కింద మీ పేరు. పక్క యాప్ లోగో కనిపించే వీడియోలను రీల్స్‌లో కొత్తవాళ్లకు తక్కువ చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021 ఫిబ్రవరిలోనే బయటికి చెప్పింది. అంటే వీడియో తీసెయ్యరు. మీ ఫాలోవర్లకు కనిపిస్తూనే ఉంటుంది, మీరెవరో తెలియని వాళ్ల దగ్గరికి మాత్రం పెద్దగా వెళ్లదు. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. లైకులు మామూలుగానే వస్తుంటాయి, కానీ అన్నీ తెలిసిన ముఖాలే. యూట్యూబ్ కూడా తక్కువ తినలేదు. స్టూడియో నుంచి డౌన్‌లోడ్ చేసుకునే షార్ట్స్ మీద 2022 నుంచి తన గుర్తు వేస్తోంది. అమెరికాలో ఉండి టిక్‌టాక్ వాడేవాళ్లకైతే ఇంకో తలనొప్పి: అక్కడి గుర్తు ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతుతూ ఉంటుంది, అంచు కత్తిరించినా పోదు. దాని మీద బ్లర్ వేస్తే ఆ మచ్చ లోగో కంటే అసహ్యంగా ఉంటుంది.

లోగో పోయినా ఇంకో నష్టం ఉంటుంది. ప్రతి యాప్ వీడియోను కుదించి దాచుకుంటుంది. మీరు దింపుకున్నది ఆ కుదించిన కాపీ. దాన్ని మళ్లీ ఎక్కిస్తే రెండోసారి కుదిస్తారు. పోపులో ఆవాలు చిటపటలాడే షాట్ దగ్గర, ఆవిరి పైకి లేచే దగ్గర గళ్లు గళ్లుగా కనిపిస్తుంది చూడండి, అది దీనివల్లే.

కాబట్టి ఎడిటింగ్ యాప్ నుంచి ఒక క్లీన్ ఫైలు బయటికి తియ్యండి. దాన్నే ప్రతి యాప్‌లోకి విడివిడిగా ఎక్కించండి. ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ లాంటివి డబ్బు కట్టకుండా వాడితే వాటి ముద్ర కూడా పడుతుంది, ఎక్స్‌పోర్ట్ నొక్కేముందు ఒకసారి చూసుకోండి.

ఆ ఫైలులో మీ మాట, వంట చప్పుడు మాత్రమే ఉంచండి. సినిమా పాట కలపకండి. ఇన్‌స్టా లైబ్రరీలో పాట దొరికిందంటే ఆ అనుమతి ఇన్‌స్టా వరకే, అది యూట్యూబ్‌కు చెల్లదు. నిమిషం దాటిన షార్ట్‌లో పాటను యూట్యూబ్ పసిగట్టి హక్కుదారుల పేరున కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేస్తే వీడియో మొత్తం బ్లాక్ అవుతుంది. మన పచ్చడి 75 సెకన్లు, అంటే సరిగ్గా ఆ గోతిలో పడేదే. పాట కావాలంటే ఏ యాప్‌లో ఎక్కిస్తున్నారో ఆ యాప్ లైబ్రరీ నుంచే అక్కడే కలుపుకోండి.

[తెరపై: 1080 × 1920 ఫ్రేమ్, మీద గీతలు]

ఇప్పుడు సైజు. 1080 వెడల్పు, 1920 ఎత్తు, అంటే 9:16. మూడు చోట్లకూ ఇదొక్కటే చాలు. తిప్పలు వచ్చేది ఫ్రేమ్‌తో కాదు, అందులో అక్షరాలు ఎక్కడ పెట్టామన్న దానితో.

మన వీడియోలో "గోంగూర పచ్చడి" అన్న టైటిల్ పైనుంచి 150 పిక్సెళ్ల దగ్గర ఉంది. ఫుల్ స్క్రీన్‌లో బాగానే కనిపిస్తుంది. కానీ ఇన్‌స్టా ప్రొఫైల్ గళ్లు 2025 నుంచి 3:4లో ఉన్నాయి. అంటే 1920 ఎత్తులో మధ్యలోని 1440 మాత్రమే గడిలో కనిపిస్తుంది, పైన 240, కింద 240 తెగిపోతాయి. ప్రొఫైల్‌కు వచ్చినవాళ్లకు టైటిల్ లేని ఆకుపచ్చ ముద్ద కనిపిస్తుంది, అది గోంగూరో పాలకూరో వాళ్లకేం తెలుసు?

[తెరపై: "గోంగూర 4 కట్టలు, ఎండుమిర్చి 12" అన్న అక్షరాల మీద యూజర్‌నేమ్, క్యాప్షన్ వచ్చి పడతాయి]

కొలతలేమో 1500 దగ్గర రాశాం. అక్కడికి యూజర్‌నేమ్, క్యాప్షన్, పాట పేరు వచ్చి కూర్చుంటాయి. ఎండుమిర్చి ఎన్నో చదవలేక జనం కామెంట్లలో అడుగుతారు. రీల్స్ ప్రకటనలకు ఇన్‌స్టా కంపెనీ మెటా ఇచ్చే లెక్క మనకూ పనికొస్తుంది: పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం ఖాళీ వదలాలి. అంటే ముఖ్యమైన అక్షరాలన్నీ పైనుంచి 270కీ 1250కీ మధ్య ఉండాలి. కుడిపక్క లైక్, షేర్ బటన్లుంటాయి కాబట్టి అటువైపు ఇంకాస్త ఎక్కువే వదలండి. ఈ హద్దుల్లో ఉంటే షార్ట్స్‌లోనూ పెద్దగా ఇబ్బంది రాదు.

వీడియో అడ్డంగా తీసి ఉంటే? 1920 × 1080 ఫ్రేమ్‌లోంచి నిలువు ముక్క కోస్తే దక్కేది 607 పిక్సెళ్ల వెడల్పే. దాన్ని 1080కి సాగదీస్తే మెత్తబడిపోతుంది. 4కేలో తీసి ఉంటే అదే ముక్క 1215 వస్తుంది, నిశ్చింతగా కొయ్యొచ్చు. పైనా కిందా నల్ల పట్టీలు పెట్టి నిలువు చెయ్యడం మాత్రం వద్దు. ఫోన్ తెరలో మూడోవంతు కూడా మీ వీడియో ఉండదు.

యూట్యూబ్‌లో ఇంకో చిన్న మెలిక ఉంది. 2024 అక్టోబర్ 15 నుంచి, చదరంగా గానీ నిలువుగా గానీ ఉండి 3 నిమిషాల లోపు ఉన్న కొత్త వీడియో తనంతట తానే షార్ట్ అవుతుంది. మామూలు వీడియోగా ఉండాలనుకుంటే అడ్డంగా తియ్యండి.

[తెరపై: ఒకే వీడియో, మూడు ఫోన్లు]

ఇక అసలు భయం, డూప్లికేట్. మీ సొంత వీడియో యూట్యూబ్‌లో ఉందని ఇన్‌స్టా శిక్షించదు, ఇన్‌స్టాలో ఉందని యూట్యూబూ శిక్షించదు. నియమాలన్నీ వేరేవాళ్ల వీడియో ఎత్తుకొచ్చే వాళ్ల కోసం. ఒకే వీడియో రెండు అకౌంట్లలో కనిపిస్తే అసలుదాన్నే సిఫార్సు చేస్తామని, పదే పదే ఇతరులవి పెట్టే అకౌంట్లను సిఫార్సుల నుంచి తీసేస్తామని ఇన్‌స్టా 2024 ఏప్రిల్‌లో చెప్పింది. యూట్యూబ్ కూడా ఇతరుల వీడియోలు, సినిమా ముక్కలు ఏ మార్పూ లేకుండా ఎక్కించిన షార్ట్స్ వ్యూస్‌ను డబ్బు లెక్కలోకి తీసుకోదు.

చిక్కు ఎక్కడంటే, మీరు యూట్యూబ్‌లో పెట్టి, ఇన్‌స్టాకు నెల తర్వాత వెళ్తే ఈలోగా ఏదో మీమ్ పేజీ మీ షార్ట్ ఎత్తుకెళ్లి అక్కడ పెట్టేసి ఉండొచ్చు. అప్పుడు ఇన్‌స్టాలో ముందున్నది వాళ్ల కాపీ. అందుకే అన్ని చోట్లా అదే రోజు పెట్టేయండి. ఫేస్‌బుక్‌కు ఇన్‌స్టా నుంచే షేర్ ఆప్షన్ ఉంది, అది వాడుకోండి. వీడియో తిరగేయడం, కాస్త వేగం పెంచడం, ఫైలు పేరు మార్చడం లాంటి చిట్కాలు చెప్తుంటారు. అవి దొంగలకు కావాలి, సొంత వీడియోకు ఎందుకు?

అయినా రీచ్ పడిపోయిందనిపిస్తే ఊహించుకోకండి, చూడండి. ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో Account Status తెరిస్తే, మీ వీడియోను సిఫార్సుల నుంచి పక్కన పెట్టారేమో కనిపిస్తుంది. పొరపాటనిపిస్తే అక్కడే రివ్యూ అడగొచ్చు. అక్కడ ఏమీ లేకపోతే ఆ రీల్ ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు కానివాళ్ల శాతం చూసి, మీ మిగతా రీల్స్‌తో పోల్చండి. ఆ శాతం ఈ ఒక్కదానికే బాగా తక్కువుంటే, వీడియోను ఫుల్ స్క్రీన్‌లో పెట్టి నాలుగు మూలలూ మొదటి సెకను నుంచి చివరిదాకా చూడండి. ఎడిటింగ్ యాప్ చివర్లో అతికించే లోగో ముక్క ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.