రైస్ మిల్లు ఖాతా, ఆడిట్ రిమార్కు, మేం రాసిన జవాబు

అందరికీ నమస్కారం. కొత్తగా బ్రాంచి పగ్గాలు పట్టుకుంటున్న మీకు ఆడిట్ రిమార్కుకు జవాబు ఎలా రాయాలో చెప్పమన్నారు. నేను మేనేజరుగా ఉన్నప్పుడు మా బ్రాంచికి వచ్చిన ఒక్క రిమార్కు తీసుకుని చెబుతాను.

ఒక రైస్ మిల్లుకు మా దగ్గర కోటీ 20 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉండేది. జూన్ నెలాఖరు స్టాక్ స్టేట్‌మెంట్‌లో నిల్వ కోటీ 60 లక్షలని చూపించారు. 25 శాతం మార్జిన్ తీసేసి, జులై 10న డ్రాయింగ్ పవర్ కోటీ 20 లక్షలని సిస్టంలో ఎక్కించాం. ఖాతాలో వాడకం కోటీ 4 లక్షలు. మా లెక్కన అంతా సవ్యంగానే ఉంది.

ఆగస్టులో ఆడిటర్ గోదాముకు వెళ్లారు. కొనుగోలు కేంద్రం నుంచి వచ్చిన ధాన్యం ఒక పక్కన విడిగా నెట్టు కట్టి ఉంది. అది సీఎంఆర్ ధాన్యం. ప్రభుత్వం కొని, మర ఆడించి ఇమ్మని మిల్లుకు అప్పగించినది. క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు తిరిగి అప్పజెప్పాలి. ఆ ధాన్యం మిల్లరు సొత్తు కాదు కాబట్టి మనకు తాకట్టులోకి రాదు. దాని విలువ 40 లక్షలు. మిల్లరు అప్పు మీద కొని ఇంకా డబ్బు కట్టని సరుకు మరో 20 లక్షలు. రెండూ తీసేస్తే మిగిలేది కోటి, దాని మీద డ్రాయింగ్ పవర్ 75 లక్షలు. అంటే 29 లక్షలు అదనంగా వాడుకుంటున్నారన్నమాట.

నా మొదటి జవాబు రెండు వాక్యాలు: ‘గమనించాం. ఇకపై జాగ్రత్త వహిస్తాం.’ అది వెనక్కి వచ్చింది, రావాల్సిందే. తప్పు ఎందుకు జరిగిందో అందులో లేదు, ఎవరు ఎప్పటికి సరిదిద్దుతారో అంతకన్నా లేదు.

రెండోసారి ముందు కారణం వెతికాం. మా స్టాక్ స్టేట్‌మెంట్ ఫారంలో సీఎంఆర్ ధాన్యానికి గడి లేదు. అంతకుముందు చూసిన అధికారి ఆ సంగతి తెలిసి పక్కన పెన్సిలుతో రాసుకుని తీసేసేవారు. జూన్‌లో ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మొత్తం అంకె ఎక్కించారు, పాస్ చేసిన అధికారి కూడా మొత్తాన్నే సరిచూశారు. మే నెల స్టేట్‌మెంట్ తీసి మళ్లీ లెక్క కట్టాం, అది సరిగ్గానే ఉంది.

ఇప్పుడు 29 లక్షల సంగతి. ‘మిల్లరు బియ్యం అమ్మి 29 లక్షలు జమ చేస్తారు’ అని రాయబోయి ఆగాను. ఈ చోట చాలామంది బోల్తా పడతారు, కాస్త నిదానంగా వినండి. సరుకు అమ్మితే నిల్వ కూడా తగ్గుతుంది కదా. 29 లక్షల సరుకు పోతే డ్రాయింగ్ పవర్ 21 లక్షల 75 వేలు పడిపోతుంది. లాభం సంగతి పక్కనపెడితే, అదనపు వాడకం తగ్గేది ఏడుంబావు లక్షలే. అందుకే నిల్వలో లెక్కకు రాని డబ్బు రావాలి. మిల్లరుతో కూర్చున్నాం. బియ్యం వ్యాపారుల దగ్గర ఆయనకు పాత బాకీలు 17 లక్షలు రావాలి, వాటి మీద మేం డ్రాయింగ్ పవర్ ఇవ్వలేదు. మిగతా 12 లక్షలు భాగస్వాములు సొంత పెట్టుబడిగా తెస్తామన్నారు.

గడువు మన ఇష్టానికి పెట్టుకునేది కాదు. అదనపు వాడకం వరుసగా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. లెక్క మొదలయ్యేది ఆడిటర్ పట్టుకున్న రోజు నుంచి కాదు, తేడా వచ్చిన రోజు నుంచి. మాకు అది జులై 10. అంటే అక్టోబరు 8తో 90 రోజులు నిండుతాయి. చివరి వాయిదాను సెప్టెంబరు 25కి పెట్టాం, ఒకటి తప్పినా వెంటపడటానికి వ్యవధి ఉండాలని.

జవాబులో ఇలా రాశాం: సరిచేసిన డ్రాయింగ్ పవర్‌ను రుణాల అధికారి ఆగస్టు 14న ఎక్కిస్తారు, రుజువు సిస్టం ప్రింటు. 17 లక్షలు ఆగస్టు 31కి, 12 లక్షలు సెప్టెంబరు 25కి జమ చేయించే బాధ్యత మేనేజరుది, రుజువు ఖాతా స్టేట్‌మెంట్. మిగతా ఆరు మిల్లుల ఖాతాల్లో ఇదే తప్పు ఉందేమో గోదాముకు వెళ్లి చూడటం అకౌంటెంటు పని, గడువు సెప్టెంబరు 10. సీఎంఆర్‌కు, బాకీ ఉన్న సరుకుకు వేరే గడులున్న ఫారం సెప్టెంబరు స్టేట్‌మెంట్ నుంచి అమలు. ఆ గడులు ఖాళీగా ఉంటే పాస్ చేసే అధికారి తిప్పి పంపాలి. పేర్లు కాకుండా హోదాలే రాశాం, మధ్యలో ఎవరికైనా బదిలీ అయినా ఆ పని కుర్చీతోపాటు ఉండిపోతుంది.

డబ్బు రెండు వాయిదాలూ అనుకున్నట్టే వచ్చాయి. మిల్లుల తనిఖీలో మాత్రం ఒక గోదాము తాళం యజమాని ఊళ్లో లేక తెరవలేదు. గడువు దాటాక సంజాయిషీ రాయకుండా, సెప్టెంబరు 8నే కారణం చెప్పి వారం రోజులు అడిగాం. 15న వెళ్లి చూశాం. అక్కడ కూడా సీఎంఆర్ ధాన్యం కలిపే చూపించారు. ఆ ఖాతాను రిమార్కు రాకముందే మేమే సరిచేసి, అదే జవాబుకు జతపరిచాం.