దుకాణదారు తీసేసిన వాక్యమే అసలు ప్రకటన

నమస్కారం. అనంతపురంలో ఒక పట్టుచీరల దుకాణదారు, చీర కొన్న ఒక కస్టమర్ తనకు పంపిన మెసేజ్‌ను మార్చి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టడంతో గొడవ రేగింది. నేరుగా నా మాట చెబుతాను: ఆ దుకాణదారు తీసేసిన వాక్యమే ఆ చీరను అమ్మగలిగిన వాక్యం.

వాట్సాప్‌లో తాను పంపిన మాటలను ఆ కస్టమరే అందరికీ వినిపించారు. “చీర నాలుగు దినాలు లేటుగా వచ్చె. పెండ్లికి అందదేమో అని భయపడితి. అంచు రంగు మాత్రం ఫొటోలో చూసినట్లే ఉండాది. మా వదిన పట్టుకొని చూసి, యాడ తీసుకుంటివని అడిగె.” దీన్ని ఆ దుకాణదారు “అద్భుతమైన నాణ్యత, మెరుపు వేగంతో డెలివరీ” అని మార్చి, పెళ్లికూతురి ఫొటోతో సహా పెట్టేశారు. నాలుగు రోజుల ఆలస్యం మెరుపు వేగం ఎలా అయిందండీ? ఇది కుదించడం కాదు, ఆమె నోట అబద్ధం పలికించడం.

“అద్భుతమైన నాణ్యత” అని ఎవరైనా రాసుకోగలరు. వదిన చీర పట్టుకొని చూసిందన్న మాటను మాత్రం కూర్చొని కల్పించడం కష్టం. ఆన్‌లైన్‌లో పట్టుచీర కొనేవారి మొదటి అనుమానం రంగు గురించే కాబట్టి, నేనైతే ఇలా రాస్తాను: “పెండ్లికి అందదేమో అని భయపడితి. అంచు రంగు మాత్రం ఫొటోలో చూసినట్లే ఉండాది.” వాక్యాలు తగ్గించాను గానీ కొత్త మాట ఒక్కటీ చేర్చలేదు, సీమ యాసను దిద్దలేదు. ఆ భయం ఉండబట్టే తరువాతి మెప్పును జనం నమ్ముతారు.

ఇక అనుమతి. దుకాణానికి మెసేజ్ పంపడం ఊరందరికీ చూపించమని చెప్పినట్టు కాదు. “మీ అభిప్రాయం వాడుకోవచ్చా?” అని అడిగి ఊరుకోకుండా, పూర్తయిన క్యాప్షన్‌నే పంపి ఇలా అడగాలి: “అమ్మా, ఈ మాటలను ఇలాగే మా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవచ్చా? పేరు వేయమంటారా, వద్దా?” జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు. పేరు తీసేసి “ఫలానా కాలనీ టీచరమ్మ” అని రాసినా మన ఊళ్లలో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి “అనంతపురం కస్టమర్” అంటే చాలు. ఫొటోలోని పెళ్లికూతురు చీర కొన్న మనిషి కాదు. ఆమె ముఖానికి అనుమతి ఆమెనే అడగాలి, లేదంటే అంచు వరకే కత్తిరించి పెట్టాలి.

సమ్మతి ఒక నిర్దిష్టమైన పనికి సంబంధించినదై ఉండాలనీ, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలనీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెబుతోంది. అందువల్ల అదే క్యాప్షన్‌ను రేపు డబ్బు కట్టి ప్రకటనగా నడపాలంటే ఆమెను మళ్లీ అడగాలి; ఆమె వద్దన్న రోజున పోస్టుతో పాటు వాట్సాప్ స్టేటస్‌లోనూ, దుకాణం ఫ్లెక్సీ మీదా ఉన్న ఆ మాటలను కారణం అడగకుండా తీసేయాలి.