జర్మన్ బి1: మూడు పాసయ్యాయి, రాత పోయింది

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ విజయవాడ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నేను మెకానికల్ ఇంజినీర్‌ని, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. జర్మనీలో ఒక కంపెనీతో మాటలు నడుస్తున్నాయి, జర్మన్‌లో బి1 స్థాయి సర్టిఫికెట్ అడుగుతున్నారు. గోతె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బి1 పరీక్ష రాశాను. చదవడం, వినడం, మాట్లాడడం పాసయ్యాను. రాతలో 52 వచ్చాయి.

టీచర్: నూటికి 60 రావాలి. కానీ మీరు మొత్తం పరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు. ఆ నాలుగూ వేర్వేరు మాడ్యూళ్లు, ష్రైబెన్, అంటే రాత ఒక్కటే మళ్లీ కట్టుకోవచ్చు. ఇంతకీ గంటలో మూడు ప్రశ్నలకీ టైమ్ ఎలా పంచుకున్నారు?

కాలర్: మొదటిది ఫ్రెండ్‌కి మెయిల్. కొత్త ఇంటికి మారాను, తను సాయానికి రాలేకపోయాడు. ఇల్లు ఎలా ఉందో, ఆ ఏరియా ఎందుకు ఎంచుకున్నానో రాసి, ఎప్పుడు కలుద్దామో అడగాలి. బాగా వచ్చిందనే అనుకున్నాను మేడమ్, 130 పదాల దాకా రాశాను. అరగంట దాటిపోయింది.

టీచర్: కలుద్దామని రాశారా?

కాలర్: ...లేదు. ఇంటి గురించే రాసుకుంటూ పోయాను.

టీచర్: మీ మార్కులు పోయింది అక్కడే. వాళ్లు అడిగింది 80 పదాలు. మిగతా 50 పదాలకు అదనంగా మార్కులేమీ రావు. ముందు చూసేది అడిగిన మూడు అంశాలూ ఉన్నాయా లేవా అన్నదే. అసలు ప్రశ్నతో సంబంధమే లేదనుకుంటే, భాష ఎంత బాగున్నా ఆ ప్రశ్నకి సున్నా వేస్తారు. మీది అంత దూరం పోలేదు, కానీ ఒక అంశం మొత్తం లేదు. ఇక మూడో ప్రశ్న?

కాలర్: కోర్సు మేడమ్‌కి మెయిల్. క్లాసుకి రాలేనని చెప్పాలి, 40 పదాలు. అప్పటికి ఆరేడు నిమిషాలే ఉన్నాయి. హడావుడిలో "హలో" అని మొదలుపెట్టాను, "నువ్వు" అనే "దూ" వాడాను.

టీచర్: మన మాస్టారిని "ఏం, నువ్వు రేపు ఉంటావా" అని అడిగినట్టన్నమాట! అక్కడ "జేయా గెయేర్టె ఫ్రావ్" అని మొదలుపెట్టి పేరు రాయాలి, లోపలంతా "మీరు" అనే "జీ". చివర "మిట్ ఫ్రాయిండ్లిషెన్ గ్రూసెన్". ఈ రెండూ నోటికి వచ్చేయాలి, పరీక్షలో వీటికోసం ఆలోచించకూడదు. మార్కులు మొదటి రెండింటికీ నలభై నలభై, దీనికి 20. మొదటిదానికి 20 నిమిషాలు, అభిప్రాయం రాసే రెండోదానికి 25, దీనికి 15 పెట్టుకోండి. టైమ్ అయిపోతే వాక్యం సగంలో ఉన్నా వదిలేసి ముందుకెళ్లాలి.

వ్యాఖ్యాత: గ్రామర్ మాటేమిటి?

టీచర్: అతన్నే అడుగుదాం. "నాకు టైమ్ లేదు కాబట్టి" అనడానికి ఏం రాశారు?

కాలర్: "వైల్ ఇష్ హాబె కైనె త్సైట్".

టీచర్: చూశారా, ఇంగ్లిష్‌లో ఆలోచించి రాశారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. తెలుగులో క్రియ ఎక్కడ ఉంటుంది? చివర. "వైల్" తర్వాత జర్మన్‌లోనూ అంతే: "వైల్ ఇష్ కైనె త్సైట్ హాబె". ఇక్కడ మన తెలుగే మనకు సాయం. కానీ మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది, అక్కడ తెలుగు కాపాడదు. "శనివారం నేను వస్తాను" అన్న వరసలో "అమ్ జామ్స్‌టాగ్ ఇష్ కొమ్మె" అని రాస్తే తప్పు. "అమ్ జామ్స్‌టాగ్ కొమ్మె ఇష్" అనాలి.

కాలర్: అది నేను ప్రతిసారీ తప్పుతాను మేడమ్.

టీచర్: అందుకే ఇలా చేయండి. రోజుకి ఒక మెయిల్, గడియారం పెట్టుకుని, కాగితం మీద. ఫోన్‌లో టైప్ చేస్తే అదే దిద్దేస్తుంది, తప్పు మీ కంట పడదు. మరునాడు ఎర్ర పెన్నుతో ప్రతి క్రియ కింద గీత గీయండి. గీత రెండో చోట ఉందా, "వైల్", "అని" అనే అర్థమొచ్చే "దాస్" తర్వాతైతే చివర ఉందా అని మాత్రమే చూడండి. ఆ తర్వాత ప్రశ్నలోని మూడు అంశాలకీ మెయిల్ పక్కన 1, 2, 3 అని వేయండి. ఒక అంకెకి చోటు దొరక్కపోతే, మొన్న మీకు జరిగిందే మళ్లీ జరిగినట్టు.

వ్యాఖ్యాత: అసలు ఇంజినీర్లకి వీసాకి బి1 తప్పనిసరా?

టీచర్: చదువుకున్న ఉద్యోగులకిచ్చే ఈయూ బ్లూ కార్డు అనే పర్మిట్‌కి జర్మన్ సర్టిఫికెట్ షరతు లేదు, ఇతన్ని అడిగింది కంపెనీ. కాకపోతే అక్కడికి వెళ్లాక బి1 ఉంటే 21 నెలల ఉద్యోగంతో శాశ్వత నివాసానికి అప్లై చేసుకోవచ్చు. మొదటి స్థాయి ఎ1 మాత్రమే ఉంటే 27 నెలలు ఆగాలి. సరే బాబూ, ఇప్పుడు ఒకటి చెప్పండి: "ఆదివారం నేను రాలేను, ఎందుకంటే పనిచేయాలి."

కాలర్: అమ్ జొన్‌టాగ్ ఇష్... కాదు కాదు. అమ్ జొన్‌టాగ్ కాన్ ఇష్ నిష్ట్ కొమెన్, వైల్ ఇష్... ఆర్బైటెన్ ముస్.

టీచర్: ఆ "కాదు కాదు" పరీక్షలో కాగితం మీద కూడా రావాలి. కొట్టేసి మళ్లీ రాయొచ్చు, దానికి మార్కులు తీయరు.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి...