పై తలుపు, కింది తలుపు

అందరికీ నమస్కారమండి. వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయం వార్షికోత్సవానికి నన్ను పిలిచిన కుర్రాళ్లకు, మొదటి వరుసలో కూర్చున్న మా చిన్నప్పటి లెక్కల మాస్టారికి నమస్కారాలు. మాస్టారూ, మీరు వస్తారని నేను అనుకోలేదు. ఈ ఎండలో రావడమే గొప్ప.

బీపీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉప్పు, ఆవకాయ, ఎండు చేపలు, నడక అని రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులోనే ఉంచేస్తున్నాను. మూడో వరుసలో మా అక్క కూర్చుంది. తన సంగతి చెప్పుకోవచ్చని పొద్దున్నే ఒప్పుకుంది. నేను మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్లు మూత్రపిండాల పాఠం చెప్పినవాణ్ణి. ఆ పాఠంలో ఉన్నదే మా ఇంట్లో జరిగింది. అది చెప్పకుండా ఉప్పు గురించి మాట్లాడితే నాకు మనసొప్పదు.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన కాలువ మీద లస్కరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మన డెల్టా బతుకంతా తలుపులు ఎత్తడంలోను, దించడంలోను ఉంది. నదిలో నీరు తగ్గినప్పుడు ఆయన చేసే పని ఒకటి ఉండేది. పై తలుపు ఇంకొంచెం ఎత్తేవారు, కింది తలుపు కొంచెం దించేవారు. దాంతో రెండింటి మధ్య నీటి మట్టం నిలిచేది. ఆ మట్టం ఉంటేనే పక్కనున్న తూములకు నీరు ఎక్కుతుంది. మట్టం జానెడు తగ్గినా తూము ఎండిపోతుంది, కాలువలో నీరు కనిపిస్తూనే ఉంటుంది.

మూత్రపిండం కూడా సరిగ్గా ఇదే పని చేస్తుందండి. గుండె పంపే రక్తంలో ఐదో వంతు, అంటే నిమిషానికి సుమారు ఒక లీటరు, రెండు మూత్రపిండాలకు వెళుతుంది. ఒక్కో దాంట్లో దాదాపు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. ప్రతి గుత్తికీ లోపలికి వచ్చే సన్నని రక్తనాళం ఒకటి, బయటికి పోయేది ఒకటి. అవే పై తలుపు, కింది తలుపు. మధ్యలో ఒత్తిడి నిలబడితేనే వడపోత. అలా రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులో ఒకటిన్నర లీటరే మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేర్చేస్తాయి.

ఇక ఒత్తిడి తగ్గిందని ఎవరికి ముందు తెలుస్తుంది? లోపలికి వచ్చే నాళం గోడలోనే కొన్ని కణాలు కాపలా ఉంటాయి. అవి రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండం నుంచి తీసిన రసాన్ని ఎక్కిస్తే బీపీ పెరగడం చూసి దానికి ఆ పేరు పెట్టారు. రెనిన్ తనంతట తాను నాళాన్ని బిగించదు. కాలేయం తయారుచేసే ఒక పెద్ద ప్రొటీన్‌ను ముక్క చేస్తుంది. ఆ ముక్కను ఊపిరితిత్తుల రక్తనాళాల్లోని ఇంకో ఎంజైము కత్తిరిస్తే యాంజియోటెన్సిన్ టూ తయారవుతుంది. అసలు పనివాడు అదే. ఒళ్లంతా రక్తనాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపితే అవి ఆల్డోస్టిరాన్ వదులుతాయి. అది ఉప్పును ఆపి, పొటాషియంను బయటికి పంపిస్తుంది. ఉప్పు ఆగితే నీరు ఆగుతుంది, బీపీ నిలబడుతుంది.

మూత్రపిండంలో మాత్రం యాంజియోటెన్సిన్ ఎక్కువగా కింది తలుపునే దించుతుంది. పై తలుపును ఎత్తి పట్టుకునేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే వేరే పదార్థాలు. కష్టకాలంలో ఈ రెండూ కలిసి, మా నాన్నలాగా, మధ్య మట్టాన్ని కాపాడతాయి. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: పై తలుపు ప్రోస్టాగ్లాండిన్‌ది, కింది తలుపు యాంజియోటెన్సిన్‌ది.

ఇప్పుడు మా అక్క. వయసు 64. బీపీకి టెల్మిసార్టన్, దానితో కలిపి నీరు లాగే మాత్ర. చాలా మంచి మందులండి, ఐదేళ్లుగా బీపీని అదుపులో పెట్టాయి. టెల్మిసార్టన్ యాంజియోటెన్సిన్ పని చేయనివ్వదు. అంటే కింది తలుపు మీద పట్టు సడలుతుంది. నీరు లాగే మాత్ర కాలువలో నీటినే కొంచెం తగ్గిస్తుంది. మామూలు రోజుల్లో మూత్రపిండం దీనికి సర్దుకుపోతుంది.

మే నెలలో మోకాళ్ల నొప్పులు పెరిగాయి. మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చారు, రోజుకు రెండు. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని ఎవరూ అడగలేదు. ఆ మాత్ర నొప్పి తగ్గించేదే ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. అంటే పై తలుపూ దిగిపోయింది. పదో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు అన్నం లేదు, నీళ్లూ సరిగ్గా తాగలేదు. మందులు మాత్రం ఒక్కటీ మానలేదు. నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, నీరసంగా ఉందిరా" అంది. "కొబ్బరి నీళ్లు తాగక్కా" అన్నాను. మన కోనసీమలో ఇంకేం చెబుతాం?

నేను అడగాల్సింది ఒక్కటే: మూత్రం వస్తోందా? అడగలేదు. మర్నాటికి రోజు మొత్తానికి గ్లాసెడు కూడా రాలేదట. నేను వెళ్లేసరికి బీపీ 90/60. బీపీ తగ్గింది కదా, మంచిదేగా అని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. మూత్రపిండం బయటికి పంపాల్సిన చెత్త రక్తంలో ఎంత మిగిలిపోయిందో చెప్పేది క్రియాటినిన్. రక్తం పరీక్షలో అది 4.2, అంతకుముందు ఏడాది 0.9. పొటాషియం 6.4, గుండెకు ప్రమాదమయ్యేంత ఎక్కువ. ఆల్డోస్టిరాన్ తగ్గి, మూత్రం ఆగి, పొటాషియం పోయే దారి మూసుకుంది. దాని మీద కొబ్బరి నీళ్లు, వాటిలో ఉండేదీ పొటాషియమే. ఈసీజీలో గుండె లయ అప్పటికే మారుతోంది.

మొదట చేరిన ఆసుపత్రిలో నొప్పి అంటోందని మళ్లీ డైక్లోఫెనాక్ ఇంజెక్షనే రాశారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. చూస్తే చేతులు వణుకుతాయి. నేనే ఆపించాను. మూడు మాత్రలూ ఆపి, సెలైన్ పెట్టి, గుండె కోసం కాల్షియం, పొటాషియంను కణాల్లోకి నెట్టడానికి గ్లూకోజుతో ఇన్సులిన్ ఇచ్చారు. మూడో రోజు మూత్రం వచ్చింది. పదకొండు రోజులకు క్రియాటినిన్ 1.3కి దిగి అక్కడే ఆగిపోయింది. మళ్లీ 0.9కి రాలేదు.

ఈ సభలో బీపీ మాత్ర వేసుకునేవాళ్లు చేతులెత్తండి. దించకండి. వాళ్లలో ఈ నెలలో నొప్పి మాత్ర వేసుకున్నవాళ్లు? అమ్మా, చూశారా, ఎన్ని చేతులో. కోతలకు వెళ్లేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, మీకు నొప్పులు ఉంటాయి, నాకు తెలుసు. ఒక్క మాత్ర వేసుకుంటే అందరికీ ఇలా అవుతుందని అనడం లేదు. మూడు మాత్రలూ ఒకచోట చేరి, ఎండో విరేచనాలో తోడైనప్పుడే ఇది. అలాంటప్పుడు నొప్పికి పారాసెటమాల్ చాలా వరకు సరిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున డాక్టరుకు ఫోన్ చేసి, ఈ బీపీ మాత్ర ఇవాళ ఆపాలా అని అడగండి. తగ్గాక మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడగండి, ఎందుకంటే ఊరికే మానేస్తే బీపీ పెరిగి పక్షవాతం రావచ్చు. ఇలాంటి బీపీ మాత్ర కొత్తగా మొదలుపెడితే రెండు వారాల్లోపు ఒకసారి క్రియాటినిన్, పొటాషియం చూపించుకోండి. క్రియాటినిన్ కొద్దిగా పెరిగితే కంగారు పడక్కర్లేదు, మూడో వంతుకు మించి పెరిగితే మాత్రం కారణం వెతకాలి.

మాస్టారూ, మీ జేబులో ఉన్న మాత్రల అట్టలు నాకు ఇక్కడికే కనిపిస్తున్నాయి. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీరే ముందు రండి. మిగతావాళ్లు కూడా అట్టలన్నీ తీసుకురండి, షాపులో అడిగి కొన్నవి కూడా. అక్క నా పక్కనే కూర్చుంటుంది.